పొడవాటి రైడర్‌కి దూర ప్రయాణాల్లో ఏ రకం బైక్ హాయి?

ప్రశ్న: నా ఎత్తు 6 అడుగుల 2 అంగుళాలు, బరువు 94 కిలోలు. ఇప్పుడు 125 సీసీ కమ్యూటర్ నడుపుతున్నాను. గంటన్నర దాటితే మోకాళ్లు, నడుము నొప్పి. రోజుకి 400 కిలోమీటర్లు హాయిగా వెళ్లగలిగే బైక్ కొనాలని ఉంది. క్రూయిజర్, స్పోర్ట్, అడ్వెంచర్, ఇంకో మంచి కమ్యూటర్, వీటిలో నాకు ఏది నప్పుతుంది? సీట్ ఎత్తు ఎక్కువ ఉన్నది చూసి తీసుకుంటే సరిపోతుందా?

జవాబు:

మీ ఎత్తుకి, మీరు చెప్పిన దూరాలకి రోడ్డు కోసం తయారైన అడ్వెంచర్ బైక్ ఎక్కువగా నప్పుతుంది. అయితే షోరూమ్‌లో చాలామంది చూసే కొలత వేరు, అసలు చూడాల్సిన కొలత వేరు. ముందు అది చెబుతాను. నాదీ దాదాపు మీ ఎత్తే కాబట్టి ఈ నాలుగు రకాల మీదా పొడవాటి కాళ్లు ఎక్కడ ఇరుక్కుంటాయో నాకు బాగా తెలుసు.

సీట్ ఎత్తు అంటే నేల నుంచి సీటు దాకా ఉన్న దూరం. బండి ఆగినప్పుడు పాదం నేలకి ఆనుతుందా లేదా అన్నది మాత్రమే అది చెబుతుంది. మీకు ఆ సమస్య ఎలాగూ ఉండదు. బండి కదిలాక పాదాలు ఉండేది నేల మీద కాదు, ఫుట్‌పెగ్‌ల మీద. అందుకే మీకు కావాల్సిన కొలత సీటుకీ ఫుట్‌పెగ్‌కీ మధ్య దూరం. యమహా ఆర్15 వీ4 సీట్ ఎత్తు 815 మిల్లీమీటర్లు. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450కి సీటుని తక్కువ ఎత్తులో పెడితే 825. కాగితం మీద తేడా ఒక్క సెంటీమీటరే. కానీ మొదటిది స్పోర్ట్ బైక్, దాని ఫుట్‌పెగ్‌లు పైకి, వెనక్కి ఉంటాయి. మలుపులో బండి బాగా వాలినా పెగ్ నేలకి తగలకూడదని అలా పెడతారు. రెండోదాని పెగ్‌లు కిందికి ఉంటాయి. రెండింటి మీదా వరసగా కూర్చుని చూడండి, మీ మోకాళ్లకి తేడా వెంటనే తెలిసిపోతుంది.

ఈ దూరాన్ని మీరే కొలవచ్చు. బండిని నిటారుగా నిలబెట్టి, మీరు కూర్చున్నప్పుడు పిరుదుల ఎముకలు ఆనే చోటు నుంచి ఫుట్‌పెగ్ పైభాగం మధ్య వరకు టేపుని ఏటవాలుగా, సూటిగా పట్టండి. అంతే. ఆ అంకె మీ మోకాలు ఎంత ముడుచుకుంటుందో చెప్పేస్తుంది. తుంటి కీలు సీటు కంటే కొంచెం పైన ఉంటుంది, చీలమండ కూడా పెగ్ కంటే దాదాపు అంతే పైన ఉంటుంది. అందువల్ల సీటుకీ పెగ్‌కీ మధ్య దూరం, తుంటికీ చీలమండకీ మధ్య దూరం ఇంచుమించు ఒకటే అనుకోవచ్చు.

ఇప్పుడు మీ లెక్క వేద్దాం. 188 సెంటీమీటర్ల మనిషికి తొడ సుమారు 46 సెంటీమీటర్లు, మోకాలి నుంచి చీలమండ దాకా మరో 46 ఉంటుంది. మీరిప్పుడు నడిపే కమ్యూటర్ మీద సీటు నుంచి పెగ్ దాకా 52 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి. అప్పుడు మీ మోకాలి కోణం దాదాపు 69 డిగ్రీలు. కాలు తిన్నగా చాపితే 180, ముడుచుకున్నకొద్దీ ఈ అంకె తగ్గుతుంది. అదే బండి మీద 168 సెంటీమీటర్ల మీ స్నేహితుడు కూర్చుంటే, అతని తొడా పిక్కా ఒక్కొక్కటి 41 సెంటీమీటర్లే కాబట్టి, కోణం 79 డిగ్రీలు దాకా వస్తుంది. బండి ఒకటే, రోడ్డు ఒకటే, అతను హాయిగా దిగుతాడు, మీరు కుంటుతూ దిగుతారు. అందుకే ఫలానా బైక్ దూర ప్రయాణాలకి బాగుంది అని ఎవరైనా చెబితే ముందు వాళ్ల ఎత్తు అడగండి.

ఇప్పుడు 57 సెంటీమీటర్లు ఉన్న బండి తీసుకుందాం. మీ కోణం 77కి వస్తుంది. దానికి 2 సెంటీమీటర్ల ఎత్తు సీటు వేసి, పెగ్‌లు మరో 2 సెంటీమీటర్లు దించితే దూరం దాదాపు 61 అవుతుంది, కోణం 83 దగ్గర. అంటే మీ ఎత్తు మనిషికి ప్రతి సెంటీమీటరూ ఒకటిన్నర డిగ్రీకి పైనే ఇస్తోంది. అంకె చిన్నదిగా కనిపించినా, మోకాలి చిప్ప వెనక పడే ఒత్తిడిలో ఆ తేడా మూడో గంటలో స్పష్టంగా తెలుస్తుంది. నా అనుభవంలో 75 డిగ్రీల లోపు ఉంటే గంట దాటాక కాలు చాపుకోవాలని మనసు లాగుతూనే ఉంటుంది. 80 దాటితే మోకాళ్ల సంగతి మరిచిపోయి రోడ్డు చూసుకోవచ్చు.

మీ నడుము నొప్పి కూడా చాలావరకు ఇక్కడి నుంచే మొదలవుతుంది. మోకాలు బాగా ముడుచుకున్నప్పుడు తొడ పైకి లేస్తుంది, దాంతో కటి వెనక్కి వాలుతుంది, నడుము దగ్గర సహజంగా ఉండే వంపు పోయి వీపు గుండ్రంగా అవుతుంది. అలా కూర్చుంటే ప్రతి గతుకూ నేరుగా వెన్నుపూసలకి చేరుతుంది. నడుముకి బెల్టు కట్టుకున్నా దీనికి మందు కాదు.

ఇక రకాల సంగతి. పొడవుగా ఉన్నవాళ్లు మొదట కళ్లు పడేసేది క్రూయిజర్ మీదే. కాళ్లు ముందుకి చాపి కూర్చోవచ్చు కదా అని. మోకాళ్ల వరకు అది నిజమే. పాదాలు బాగా ముందుకి ఉండే క్రూయిజర్ల మీద మోకాలి కోణం 100 డిగ్రీలు దాటడం మామూలే. చిక్కు నడుము దగ్గర వస్తుంది. పాదాలు ముందుకి వెళ్లినకొద్దీ శరీరం బరువులో కాళ్లు మోసే వాటా తగ్గిపోతుంది. మొత్తం సీటు మీద, అందులోనూ తోక ఎముక దగ్గర పడుతుంది. గుంత కనిపించినప్పుడు పెగ్‌ల మీద బరువు వేసి కాస్త పైకి లేవడం మిగతా బైకుల మీద అలవాటుగా చేసేస్తాం. కాళ్లు ముందుకి చాచి ఉన్నప్పుడు అలా లేవలేం. వాలుకుర్చీ కదలకుండా ఉన్నప్పుడు ఎంత సుఖమో, గతుకుల మీద లాగుతుంటే అంత బాధ, ఇదీ అంతే.

దానికి తోడు క్రూయిజర్ వెనక సస్పెన్షన్‌కి కదలడానికి చోటు తక్కువ. సీటు కిందికి ఉండాలంటే అలా చేయక తప్పదు. రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియర్ 650 వెనక చక్రం కదలిక 101 మిల్లీమీటర్లు. హిమాలయన్ 450కి అదే 200. ఒకే గుంతని మొదటిది సగం జాగాలో మింగాలి. 94 కిలోల మనిషి, వెనక సామాను, అనుకోకుండా వచ్చిన స్పీడ్ బ్రేకర్ కలిస్తే స్ప్రింగ్ చివరికంటా దిగి దబ్బుమని కొట్టడం మామూలే. ఆ దెబ్బ తగిలేది కూడా అదే తోక ఎముకకి.

క్రూయిజర్లన్నీ ఒక్కటి కావని కూడా గమనించండి. సీటు కిందికి ఉండి, పెగ్‌లు మరీ ముందుకి కాకుండా మధ్యలో ఉండేవి కొన్ని ఉన్నాయి. పొట్టివాళ్లకి అవి బాగుంటాయి గానీ మీకు రెండు విధాలా నష్టం. కాళ్లు చాపే వీలూ ఉండదు, సీటు కింద ఉంది కాబట్టి మోకాళ్లు తుంటి కంటే పైకి వస్తాయి. అలాంటి దాన్ని టేపు పెట్టకుండా కొనవద్దు. మరోవైపు కవాసాకి వల్కన్ ఎస్ లాంటి దానిలో పెగ్‌లని మధ్య స్థానం నుంచి ముందుకో వెనక్కో 25 మిల్లీమీటర్ల దాకా జరిపించుకోవచ్చు. క్రూయిజరే కావాలని మీ మనసు పట్టుబడితే ఇలా సర్దుబాటు ఉన్నది, గాలి ఆపే స్క్రీన్ పెట్టుకోగలిగేది చూడండి. రోడ్లు నున్నగా ఉండి, గంటకి 80 లోపు నిదానంగా వెళ్లేవాళ్లకి అది చక్కని బండి. వేగం పెరిగితే చాతీ మీద పడే గాలి మిమ్మల్ని వెనక్కి తోస్తుంది, కాళ్లు ముందుకి ఉన్నాయి కాబట్టి ఆ తోపుని చేతులతో హ్యాండిల్ పట్టుకునే ఆపాలి. గాలి తోపు వేగం వర్గంతో పెరుగుతుంది. 80 నుంచి 110కి వెళితే అది దాదాపు 1.9 రెట్లు అవుతుంది. మీ చాతీ వెడల్పు కూడా ఎక్కువే కదా, సాయంత్రానికి భుజాలు పట్టేస్తాయి.

స్పోర్ట్ బైక్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మోకాళ్లు బాగా ముడుచుకుంటాయి, హ్యాండిల్ కిందికి ఉండడం వల్ల మణికట్ల మీద బరువు పడుతుంది, దూరం చూడాలంటే మెడ పైకెత్తాలి. వేగంగా వెళ్లేటప్పుడు గాలి చాతీని కొంత పైకి మోస్తుంది, మణికట్ల భారం తగ్గుతుంది. కానీ మీ ఎత్తుకి దాని చిన్న స్క్రీన్ వెనక దాక్కోవడం కుదరదు, కాబట్టి ఆ లాభంలో సగం పోతుంది. మీకు వంపుల రోడ్ల మీద చురుగ్గా నడపడం ఇష్టమైతే హ్యాండిల్ పైకి ఉండే స్పోర్ట్ టూరర్ చూడండి. అయినా ముందు టేపు పట్టాలి.

కమ్యూటర్‌ని చాలామంది చిన్నచూపు చూస్తారు, అది సరికాదు. నిటారుగా కూర్చోబెడుతుంది, హ్యాండిల్ దగ్గరగా ఉంటుంది, నడుముకి ఆ భంగిమ మంచిది. మీకు ఇబ్బంది వచ్చేది అది మధ్యస్థ ఎత్తు మనిషి కోసం కొలిచి చేసిన బండి కావడం వల్ల. ట్యాంక్ పక్కన మోకాళ్ల కోసం ఇచ్చిన గుంటలు మీ మోకాళ్లకి సరైన చోట ఉండవు. మోకాళ్లు వాటి పైకి, బయటికి పోతాయి. వెనక్కి జరిగి కూర్చుందామంటే సీటు మెట్టు అడ్డం వస్తుంది. లోపలి ఫోమ్ పలచన, 94 కిలోల కింద గంటలోపే అణిగిపోయి అడుగున గట్టి పలక తగులుతుంది. ఇంజిన్ చిన్నది కాబట్టి 80 దగ్గర ఎక్కువ తిరగాల్సి వస్తుంది, ఆ కంపనం పెగ్‌ల గుండా పాదాలకి, హ్యాండిల్ గుండా వేళ్లకి పాకుతుంది. కొత్త బండి కొనడానికి ఇంకా టైమ్ పడితే ఈలోపు సీటు పనివాడి దగ్గర మెట్టుని వెనక్కి జరిపించి, గట్టి ఫోమ్‌తో 3 సెంటీమీటర్లు పెంచించండి. మెత్తటి ఫోమ్ అడగొద్దు, కూర్చోగానే బాగుంటుంది గానీ వెంటనే అణిగిపోతుంది. పైన వేసిన లెక్క ప్రకారం మీ కోణం 69 నుంచి దాదాపు 73కి వస్తుంది. నొప్పి పూర్తిగా పోదు, కానీ గంటన్నర కంటే ఆలస్యంగా మొదలవుతుంది.

అడ్వెంచర్ బైక్ మీకు ఎందుకు నప్పుతుందో ఇప్పటికే అర్థమై ఉంటుంది. సీటు పైన, పెగ్‌లు కింద, అవి కూడా దాదాపు మీ తుంటి కిందే. అవసరమైనప్పుడు అలాగే లేచి నిలబడవచ్చు. దూర ప్రయాణంలో ఇది చాలా పెద్ద వరం. అరగంటకోసారి ఖాళీ రోడ్డు మీద ఒక నిమిషం నిలబడితే తొడలకి రక్తం ఆడుతుంది, మోకాళ్లు తిన్నగా అవుతాయి. హ్యాండిల్ వెడల్పుగా, ఎత్తుగా ఉంటుంది, పొడవు చేతులకి అది సరిపోతుంది.

అయితే ఇందులోనూ రెండు జాతులు ఉన్నాయి. ముందు చక్రం 21 అంగుళాలు ఉండి, సన్నగా, ఎత్తుగా కనిపించేవి చాలావరకు మట్టిదారుల్లో నిలబడి నడపడానికి తయారైనవి. వాటి సీటు ముందు భాగం సన్నగా, గట్టిగా ఉంటుంది. రోజంతా కూర్చుంటే కొరుక్కుతింటుంది. ముందు చక్రం 19 లేదా 17 అంగుళాలు ఉన్నవి సాధారణంగా తారురోడ్డుని దృష్టిలో పెట్టుకుని చేసినవి, సీటు వెడల్పుగా ఉంటుంది. ఇది రాతి గీత కాదు, హిమాలయన్ 450కి ముందు 21 అంగుళాల చక్రమే ఉన్నా దూరాలు వెళ్లేవాళ్లు చాలామంది వాడుతున్నారు. కూర్చునే సీటు వెడల్పు మాత్రం తప్పకుండా చూడండి.

ఇప్పుడు పొడవాటివాళ్లకి మాత్రమే ఎదురయ్యే చిక్కు చెబుతాను. స్క్రీన్ ఉంటే గాలి తగలదు అనుకుంటాం. నిజానికి స్క్రీన్ అంచు మీదుగా గాలి ముక్కలై సుడులు తిరుగుతూ వెనక్కి వస్తుంది. మధ్యస్థ ఎత్తు మనిషికి ఆ సుడి హెల్మెట్ పైనుంచి పోతుంది. మీ తల సరిగ్గా ఆ సుడిలో ఉంటుంది. హెల్మెట్ ఎడాపెడా ఊగుతుంది, చెవుల్లో హోరు, చూపు అదురుతుంది, రెండు గంటలకి తలనొప్పి. చాలామంది దీన్ని హెల్మెట్ లోపం అనుకుని మరో హెల్మెట్ కొంటారు.

కనిపెట్టడం తేలిక. ఖాళీగా ఉన్న తిన్నటి రోడ్డు మీద, మీరు మామూలుగా వెళ్లే వేగంలో, నెమ్మదిగా తల కిందికి దించి చూడండి. హోరు తగ్గిపోతే స్క్రీన్ మీకు పొట్టిది, ఎత్తైనది కావాలి లేదా అంచుకి బిగించే చిన్న అదనపు పలక చాలు. తర్వాత పెగ్‌ల మీద కొద్దిగా లేచి చూడండి. అప్పుడు గాలి బలంగా తగిలినా ఊపు లేకుండా స్థిరంగా ఉంటే, ఇంకా పొట్టి స్క్రీన్ వేసి తలని శుభ్రమైన గాలిలో ఉంచుకోవడమే మేలు. చాలామందికి వింతగా అనిపిస్తుంది గానీ 6 అడుగులు దాటినవాళ్లకి తరచుగా పని చేసేది పొట్టి స్క్రీనే. ఒక హెచ్చరిక, సీటు ఎత్తు పెంచితే తల కూడా అంతే పైకి వెళుతుంది. కాబట్టి ముందు సీటు, పెగ్‌లు తేల్చుకోండి, ఆ తర్వాతే స్క్రీన్ కొనండి. రోజంతా వెళ్లేటప్పుడు చెవుల్లో ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకోండి, గాలి హోరు మనిషిని ఎంతగా అలసగొడుతుందో అవి పెట్టుకున్న రోజే తెలుస్తుంది.

టెస్ట్ రైడ్‌కి వెళ్లినప్పుడు రెండు పాదాలూ నేలకి ఆనించి ఆహా అనుకోవడం వల్ల ఏమీ తెలియదు. సెంటర్ స్టాండ్ వేయించండి, లేదా ఎవరినైనా బండి పట్టుకోమనండి. పాదాలు పెగ్‌ల మీద, చేతులు హ్యాండిల్ మీద పెట్టి పావుగంట కదలకుండా కూర్చోండి. ఇబ్బందిగా చూస్తారు, చూడనివ్వండి. తర్వాత హ్యాండిల్ రెండు వైపులా చివరికంటా తిప్పి మోకాలికి తగులుతుందేమో చూడండి. తగిలితే యూటర్న్‌లో బండి పడిపోయే ప్రమాదం ఉంది. మీరు వేసుకునే బూట్లతోనే వెళ్లండి. పెద్ద పాదం గేర్ లివర్ కింద దూరకపోవడం పొడవాటివాళ్లకి మామూలే, చాలా బండ్లలో లివర్‌ని కాస్త పైకి తిప్పి బిగిస్తే సరిపోతుంది.

కనీసం గంట నడిపే వీలు దొరికితే, దిగాక నొప్పి ఎక్కడుందో గమనించండి, అదే కారణం చెబుతుంది. తోక ఎముక దగ్గరైతే బరువంతా సీటు మీదే పడుతోంది, పాదాలు మరీ ముందుకి ఉన్నాయి. భుజాల రెక్కల మధ్యలో అయితే హ్యాండిల్ దూరంగానో కిందికో ఉంది. దానికి హ్యాండిల్‌ని 2 నుంచి 3 సెంటీమీటర్లు పైకి లేపే రైజర్లు వేయించవచ్చు, కానీ వేశాక హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి క్లచ్ కేబుల్, బ్రేక్ హోస్ బిగుసుకోవడం లేదని చూడాలి. చిటికెన వేలూ ఉంగరపు వేలూ తిమ్మిరెక్కితే అరచేతుల మీద ఎక్కువ ఆనుకుంటున్నారు. మోకాలి చిప్ప వెనక లాగుతుంటే పెగ్ దగ్గరగా ఉంది. దానికి సీటు, పెగ్ మార్చడం తప్ప వేరే దారి లేదు.

బండి ఇంటికి వచ్చాక చేయాల్సిన పని ఒకటుంది, చాలామంది దీన్ని వదిలేస్తారు. వెనక సస్పెన్షన్ ఫ్యాక్టరీ సెట్టింగ్ మీ కంటే తేలికైన మనిషిని ఊహించి పెట్టింది అయి ఉండవచ్చు. 94 కిలోలు, హెల్మెట్, జాకెట్, వెనక పెట్టెలు కలిస్తే వెనక భాగం కుంగిపోయి, మీరు డబ్బు పెట్టి కొన్న సస్పెన్షన్ కదలికలో సగం ముందే ఖర్చయిపోతుంది. సరిచేయడానికి వెనక చక్రం గాలిలో ఉండేలా సెంటర్ స్టాండ్ వేసి, ఇరుసు నుంచి నిలువుగా పైన సీటు పక్కన టేపు ముక్కతో గుర్తు పెట్టి దూరం కొలవండి. తర్వాత బండి దించి, పూర్తి దుస్తుల్లో, సామానుతో కూర్చుని, పాదాలు పెగ్‌ల మీద పెట్టి, ఒకరిని బండి పట్టుకోమని, ఇంకొకరితో అదే దూరం మళ్లీ కొలిపించండి. రెండింటి తేడా మొత్తం కదలికలో మూడో వంతుకి కాస్త తక్కువగా ఉండాలి. 200 మిల్లీమీటర్ల కదలిక ఉంటే 60 దగ్గర. 80 వస్తే ప్రీలోడ్, అంటే స్ప్రింగ్‌ని ముందే నొక్కి ఉంచే సర్దుబాటు, బిగించి మళ్లీ కొలవండి. చివరికంటా బిగించినా 60 దగ్గరికి రాకపోతే స్ప్రింగ్ మీ బరువుకి మెత్తనిది, గట్టి స్ప్రింగ్ వేయించాలి.